నలభై పట్టాలు

రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగు పాక ఏడింటికి తెరవాలి. కొత్త మేస్త్రి సోములు ఆరున్నరకే తెరిచేవాడు. బీటర్లు, గునపాలు, పారలు, రెండు జాకీలు, జెండాలు బయటపెట్టి గుమ్మంలో నిలబడేవాడు. మనుషులు మాత్రం అక్కడికి వచ్చేవారు కాదు.

పాకకి వంద గజాల దూరంలో, రైలు గేటు పక్కన, అప్పలస్వామి ఇల్లు ఉంది. గ్యాంగులోని పదకొండు మందీ పొద్దున్నే ఆ ఇంటి అరుగు మీద చేరేవారు. అప్పలస్వామి ముప్పయ్యేళ్ళు ఆ గ్యాంగుకి మేస్త్రి. మార్చి నెలాఖరున రిటైరయ్యాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసి, తన సొంత సెంటు నేలలో ఇల్లు వేసుకున్నాడు. అతను ఎవరినీ రమ్మని పిలవలేదు. వాళ్ళు వెళ్ళేవారు. రెండు పట్టాలు కలిసే ఏ అతుకు దిగింది, ఎక్కడ పట్టా వంకర తిరిగింది అని అతను అడిగేవాడు. వాళ్ళు చెప్పేవారు. ఏడూ పదికి లేచి పాక దగ్గరికి వచ్చేసరికి ఆ రోజు పనేమిటో వాళ్ళకి తెలిసిపోయి ఉండేది. సోములు చెప్పడానికి ఏమీ మిగిలేది కాదు.

"రేపటి నుంచి ఇక్కడికే రండి," అని సోములు ఏప్రిల్లో చెప్పాడు.

"అలాగే మేస్త్రీ," అన్నాడు కీమేన్ గంగులు. మర్నాడూ అరుగు మీదే ఉన్నాడు. కీమేన్ అంటే రోజూ లైను పొడుగునా నడిచి, వదులైన బిగింపుల్ని సుత్తితో కొట్టి సరిచేసేవాడు. గ్యాంగులో మేస్త్రి తరవాత మనిషి. అప్పలస్వామి తరవాత మేస్త్రి గంగులే అవుతాడని అందరూ అనుకున్నారు. సోములు వచ్చాడు.

సోములు నౌపడ నుంచి పాతపట్నం మీదుగా పోయే చిన్న లైనులో పద్నాలుగేళ్ళు పనిచేశాడు. ఇది మెయిలు బళ్ళు నడిచే పెద్ద లైను. ఈ సంగతి గ్యాంగు మొదటి రోజే పట్టుకుంది.

"సిన్నబండి మేస్త్రికి మన పట్టా లేపడానికి భుజాలు సాల్తాయేట్రా?" అని ఒకడు అనేవాడు.

"ఆ బండి దారిలో గేదె అడ్డమొస్తే డ్రైవరు దిగి బతిమాలతాడంట," అని ఇంకొకడు.

సోములు నవ్వేవాడు. ఆ లైనులో గేదెలు అడ్డం రావడం నిజమే.

అతన్ని ఇక్కడికి మేస్త్రిగా వేసింది కొత్త పని కోసం. పాత పద్ధతిలో, పట్టాల్ని మోసే అడ్డదిమ్మ స్లీపరు కింద కంకరని బీటరుతో కొట్టి కూరుతారు. ఒక్కో పట్టా దగ్గర ఇద్దరు, ఎదురెదురు మూలల నుంచి, ఒకరి దెబ్బ తరవాత ఒకరి దెబ్బ. దెబ్బ తప్పకుండా ఉండడానికి పాట. కొట్టిన రోజు లైను బిగుతుగా ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్ళీ దిగుతుంది, మళ్ళీ కొడతారు. కొట్టినప్పుడల్లా కంకర నలుగుతుంది, స్లీపరు అంచు చితుకుతుంది. కొత్త పద్ధతిలో కొట్టడం లేదు. స్లీపరు కింద ఎంత డొల్ల ఉందో ముందు చూస్తారు. చివర గుండు ఉన్న కర్రని స్లీపరు మీద వదిలితే, కింద గట్టిగా ఉంటే ఒక చప్పుడు, డొల్లగా ఉంటే ఇంకో చప్పుడు. బండి పోయేటప్పుడు పట్టా ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూపే చిన్న పరికరం ఒకటి ఉంటుంది. ఆ లెక్క స్లీపరు మీద సుద్దతో రాసి, పట్టాని జాకీతో కాస్త లేపి, అంత డొల్లకి సరిపడా సన్నరాయిని డబ్బాతో కొలిచి, పారతో స్లీపరు కింద పరిచి దింపుతారు. పాత కంకర కదలదు. సోములు ఈ పని మూడు వారాలు ట్రైనింగులో నేర్చుకున్నాడు.

లైను ఇనస్పెక్టరు నరసింగరావు అతనికి అర కిలోమీటరు చూపించాడు. కర్ర స్లీపర్లున్న చోటు, నలభై పట్టాల పొడవు.

"ఇవన్నీ కొత్త పద్ధతిలో చెయ్యి," అన్నాడు. "ఆగస్టు ఇరవైన నేనే ట్రాలీ మీద వచ్చి కొలుస్తాను. నిలబడితే నీ మేస్త్రి ఉద్యోగం ఖాయం చేయమని రాస్తాను. లేకపోతే చిన్న లైనుకి మళ్ళీ కీమేన్‌గా వెళ్తావు. గ్యాంగు సంగతి నాకు చెప్పకు. గ్యాంగుని నడపడమే మేస్త్రి పని."

మే నెలంతా సోములు చెప్పినట్టు గ్యాంగు చేసింది. చెప్పినంతే చేసింది. జాకీ తిప్పమంటే తిప్పారు, ఆపమంటే ఆపారు. గంగులు సన్నరాయిని డబ్బాలో పోసి, పైన అరచేత్తో కోసి చదును చేసి, "భావనపాడు కొటార్లో ఉప్పమ్ముతన్నట్టున్నాది, మేస్త్రీ. కొసరెయ్యాలా?" అని అడిగేవాడు. అందరూ నవ్వేవారు. పాట పాడేవారు కాదు. పాటకి దెబ్బ ఉండాలి.

జూన్ మొదటి వారంలో సోములుకి లెక్క తప్పడం మొదలైంది.

బుధవారం సన్నరాయి వేసిన అతుకుల్ని శుక్రవారం గుండుకర్రతో చూస్తే, అతుకు కింద స్లీపరు రాయిలా ఉంది. దాని పక్కవి రెండూ డొల్ల. బుధవారం అవి బాగానే ఉన్నాయి. సోములు డబ్బా కొలత మళ్ళీ చూసుకున్నాడు. సన్నరాయిని జల్లెడ పట్టాడు. కొత్త డబ్బా తెప్పించాడు. తరవాతి శుక్రవారం కూడా అంతే. తనకి పని రాదేమోనని అనుకున్నాడు.

మూడో శుక్రవారం మోకాళ్ళ మీద కూర్చుని ఒక స్లీపరు అంచు చూశాడు. నల్లటి కర్రలో తెల్లగా ఒక చెక్కు లేచింది. పక్కన ఇంకొకటి. బీటరు మొన తగిలిన గుర్తు. అతుకు స్లీపరుని కొట్టి కూరితే అది పైకి లేస్తుంది, పక్కవి గాల్లో వేలాడతాయి. లెక్కలో తప్పు లేదు.

సోములు ఎవరితోనూ ఏమీ అనలేదు. గురువారం గురువారం అతను గ్యాంగు డైరీ పట్టుకుని స్టేషనుకి వెళ్ళి నరసింగరావు చేత సంతకం పెట్టించుకుని రెండు గంటల ప్యాసింజరులో తిరిగివచ్చేవాడు. ఆ గురువారం కూడా వెళ్ళాడు. సంతకం అయ్యాక ప్యాసింజరు కోసం ఆగకుండా లైను వెంట నాలుగు మైళ్ళు నడిచి వచ్చాడు.

గేటుకి అర మైలు ఉండగానే పాట వినిపించింది.

తాను వచ్చాక ఆ గ్యాంగు పాడగా అతను వినలేదు. లైను పక్క గట్టు మీద ఆగాడు. ఎనిమిది మంది రెండు స్లీపర్ల దగ్గర ఉన్నారు. చెరో దిక్కునా జెండా పట్టుకుని ఒకడు, పారతో కంకర తోస్తూ ఇంకొకడు. బీటర్లు లేచినప్పుడు ఎనిమిదీ ఒక్క ఎత్తుకి లేచాయి. గంగులు ముందు పాడాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. చిన్న లైనులో పద్నాలుగేళ్ళు బీటరు పట్టినవాడికి ఆ దెబ్బ ఎలాంటిదో తెలుస్తుంది. అలాంటి పని తాను ఎక్కడా చూడలేదని సోములు ఒప్పుకున్నాడు. వాళ్ళు కొడుతున్నది తన నలభై పట్టాల్లో పదకొండో అతుకు.

ఇనస్పెక్టరుకి చెబితే చాలు. సాయంత్రానికి పదకొండు మంది మీదా కాయితం వస్తుంది. గంగులుని ఏ రాయపూర్ వైపో పంపేస్తారు. సోములు కాసేపు నిలబడి, గట్టు దిగి, పొలాల వెంట చుట్టు తిరిగి అప్పలస్వామి ఇంటికి వెళ్ళాడు.

అప్పలస్వామి భార్య గురమ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. లేచి మజ్జిగ తెచ్చింది. అప్పలస్వామి నులకమంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"యాళగాని యాళొచ్చేవేటి బాబూ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"మీ వోళ్ళు కొడతన్నారు మావా. ఇనపడతందా?"

"ఇనపడతంది. ఎనిమిది బీటర్లు. గంగులు దెబ్బ కొంచెం ఎనకబడతంది. కుడి బుజం మళ్ళీ పట్టీసినట్టున్నాది."

"ఎక్కడ కొడతన్నారో తెలిసిందా?"

"నీ పనికాడికి దగ్గర్లోనే."

"నా పని మీదే. నిన్న నాను సన్నరాయి ఏసిన అతుకు అది. మూడు వారాల్నుంచి ప్రతి లచ్చివారం ఇదే. నాను టేసనుకెల్లగానే."

అప్పలస్వామి కళ్ళు తెరిచాడు.

"నాను సెప్పలేదు."

"తెలుసు మావా."

"నీకు తెల్డం కాదు. ఆళ్ళకి తెలీలేదు." లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "రోజూ అడిగేవోడిని. ఆ అతుకెలాగున్నాదిరా, ఈ అతుకెలాగున్నాదిరా అని. అడిగితే కొట్టమన్నాననుకున్నారు. ఒసే, నా కర్రియ్యి."

"ఎండ దిగాక ఎల్లొచ్చు గదా," అంది గురమ్మ.

"ఎండ దిగితే ఆళ్ళు పని దిగిపోతారే."

అతన్ని చూడగానే పాట ఆగింది. అతని వెనక సోములుని చూసి బీటర్లు కిందికి దిగాయి.

"ఒరే గంగులూ," అన్నాడు అప్పలస్వామి. "ఈ అతుకు కొట్టమని ఎవుడు సెప్పేడ్రా నీకు?"

గంగులు సోములు వైపు చూడలేదు. "ఎవుడూ సెప్పలేదు మావా. డబ్బాలెట్టి కొలిస్తే లైను నిలబడతాదా? రేపు బండి ఊగితే అప్పలసామి గ్యాంగు ఇలాగయిపోయిందంతారు. నీ పేరు పోతాది."

"నా పేరు నిలబెట్టడానికా దొంగదెబ్బ?"

అప్పలస్వామి కర్రతో ఆ స్లీపరుని తట్టాడు.

"ముప్పయ్యేళ్ళలో ఎవుడూ సూడకుండా ఒక్క దెబ్బ కొట్టేనేట్రా నాను? పదిమందీ సూస్తండగా కొట్టేను. దొర ట్రాలీ మీద నిలబడి సూస్తండగా కొట్టేను. నాను కొట్టింది ఫలానా సోటని ఎక్కడైనా సెప్పుకునేవోడిని. ఇది సెప్పుకుంతారేట్రా మీరు?"

అందులో పెద్దవాడొకడు తల వంచుకుని బీటరు పిడి తుడవసాగాడు. గంగులు మెడ ఎర్రబడింది.

అప్పుడు సోములు జేబులోంచి సుద్దముక్క తీశాడు. అక్కడి నుంచి తొమ్మిది పట్టాలు నడిచి, ఇరవయ్యో పట్టా చివర స్లీపరు మీద అడ్డంగా గీత గీసి తిరిగి వచ్చాడు.

"గీతకి ఇవతల ఇరవై మీవి," అన్నాడు. "పెద్దమేస్త్రి కొట్టించినట్టే కొట్టండి. పాట పాడుకుని కొట్టండి. నాను ముట్టుకోను. అవతల ఇరవై కొలత పని. అక్కడ నా మాట ఇనాలి. బీటరు తగలకూడదు. ఆగస్టు ఇరవయ్యికి ఏది నిలబడితే అది."

"ఇనిస్పెట్రు నలభయ్యీ కొలత పన్లో సెయ్యమన్నాడు గదా," అన్నాడు గంగులు.

"అన్నాడు."

"తెలిస్తే?"

"మళ్ళీ సిన్నబండికే."

గంగులు అతన్ని మొదటిసారి పూర్తిగా చూశాడు. "అక్కడ గేదెలు నీకోసం సూస్తంటాయిలే," అన్నాడు. కానీ అన్న తీరు మారింది.

"నీ సగం పోతాది, సోములూ," అన్నాడు అప్పలస్వామి. "నా గ్యాంగు కొడితే పోదు."

"సూద్దాం మావా."

ఆ మర్నాటి నుంచి గీత రెండు వైపులా పని సాగింది. జూలై రెండో వారానికి నలభై పట్టాలూ పూర్తయ్యాయి. ఇవతలి ఇరవై కొట్టడానికి గ్యాంగు ఎప్పుడూ పడనంత కష్టపడింది. గంగులు భుజానికి గురమ్మ ఆముదం కాచి పట్టు వేసేది, పొద్దున్నే వచ్చి కొట్టేవాడు. అవతలి ఇరవైలో సోములు సుద్దతో రాసిన అంకె రాసినట్టే డబ్బా నిండేది. గంగులు అరచేత్తో పైన కోసి చదును చేసేవాడు. ఉప్పు మాట ఎత్తేవాడు కాదు. ఓ రోజు ఒకడు డబ్బా నిండకుండానే పారలో పోశాడు. "ఒరే, సరిగ్గా కొలు," అని కసిరాడు గంగులు. "రేపు ఓడిపోతే మనవే తక్కువేసేవంతాడు."

ఆ వెంటనే వానలు పట్టాయి. పది రోజులు వదలకుండా కురిసింది. ఆ తరవాత ఎవరూ ఏ అతుకూ ముట్టుకోలేదు. అది ఒప్పందం. బళ్ళు పోతూనే ఉన్నాయి.

ఆగస్టు పదిహేడు పొద్దున సోములు మళ్ళీ ఆ అరుగు ఎక్కాడు.

"మావా, నా గుండుకర్ర సెప్పేది ఆళ్ళు నమ్మరు. నువ్వు ఇని సెప్పు."

అప్పలస్వామి మూడు రోజులు గట్టు మీద కూర్చున్నాడు. నలభై పట్టాల చప్పుడు ఒక చోట నుంచి వినపడదు. ఒక బండికి రెండు మూడు అతుకులు వినేవాడు, లేచి ముందుకి జరిగేవాడు, ఇంకో బండి కోసం కూర్చునేవాడు. మెయిలు, ప్యాసింజరు, గూడ్సులు అన్నీ విన్నాడు. చక్రం అతుకు దాటేటప్పుడు అది గట్టిగా ఉంటే ఒకలా మోగుతుంది, దిగితే వెనకాల ఒక మూలుగు ఉంటుంది. దిగిన అతుకు పక్కన స్లీపరు కొస మీద ఓ గులకరాయి పెట్టేవాడు. ఏమీ చెప్పేవాడు కాదు.

మొదటి రోజు గీతకి ఇవతల రెండు రాళ్ళు పడ్డాయి. రెండో రోజు ఇంకో మూడు. మూడో రోజు సాయంత్రానికి ఏడు. గీతకి అవతల ఒక్కటి. ముప్పయ్యొకటో పట్టా దగ్గర.

గ్యాంగు రోజూ ఆ రాళ్ళ పక్క నుంచే నడిచింది. గులకరాయిని కాలితో తోసెయ్యడానికి క్షణం పట్టదు. ఎవరూ తొయ్యలేదు. పంతొమ్మిదో తారీకు సాయంత్రం గంగులు ఆ ఏడు రాళ్ళూ రెండుసార్లు లెక్కపెట్టడం సోములు చూశాడు.

ఇరవయ్యో తారీకు పదింటికి ట్రాలీ వచ్చింది. నలుగురు తోసుకుంటూ వచ్చి ఆపగానే నరసింగరావు దిగి మొదటి స్లీపరు దగ్గర వంగాడు. అంచు మీద బీటరు గుర్తులు అతనికి వెంటనే కనబడ్డాయి.

"ఇది కొట్టినది," అన్నాడు. "నేను చెప్పింది ఏమిటి, నువ్వు చేయించింది ఏమిటి?"

సోములు నోరు తెరిచేలోగా గంగులు ముందుకొచ్చాడు.

"నాను కొట్టేనండి. మేస్త్రి ఒద్దన్నాడు. మేవే ఇన్లేదండి."

"ఆడి మాటినకండి బాబూ," అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. "అందరం కొట్టేం."

సోములు వాళ్ళ వైపు తిరిగాడు. పదకొండు మందీ వరసగా నిలబడి ఉన్నారు.

"నాను కొట్టమన్నానండి," అన్నాడు. "సగం ఆళ్ళ పని, సగం కొలత పని. గీత నానే గీసేను. ఏది నిలబడతాదో సూద్దామని."

"నిన్నెవరు చూడమన్నారు?" అని గట్టిగా అన్నాడు నరసింగరావు. అప్పుడు గట్టు మీద కూర్చున్న అప్పలస్వామి కనిపించాడు. గొంతు తగ్గింది. "నువ్వూ ఉన్నావా, అప్పలస్వామీ? ఆ రాళ్ళేమిటి?"

"దిగిన అతుకులండి. నా గ్యాంగు కొట్టిన దాన్లో ఏడు, ఈయన దాన్లో ఒకటి. మీ యంత్రంతో సూసుకోండి."

నరసింగరావు ఆ రోజు సాయంత్రం దాకా అక్కడే ఉండి నాలుగు బళ్ళకి పరికరాలు మార్చి మార్చి పెట్టి చూశాడు. రాయి పెట్టిన ఎనిమిది చోట్లా పట్టా నాలుగు మిల్లీమీటర్లకి పైగా దిగింది. రాయి లేని ఇంకొక్క చోట కూడా దిగింది. అది ఇవతలి సగంలో, పద్దెనిమిదో పట్టా దగ్గర.

"ఇది నీకు వినపడలేదు," అన్నాడు నరసింగరావు.

అప్పలస్వామి కర్ర ఊతంగా గట్టు దిగి వచ్చి ఆ స్లీపరు దగ్గర నిలబడ్డాడు. వంగి తనే ఓ గులకరాయి ఏరి దాని కొస మీద పెట్టాడు.

"ఎనిమిదండి," అన్నాడు. "ఎనిమిదీ ఒకటి. రాసుకోండి."

ఆ రాయి అతనే ఏరి పెట్టిన సంగతి గ్యాంగులో తరవాత చాలా రోజులు చెప్పుకున్నారు.

నరసింగరావు పుస్తకం తెరిచాడు. "సోములూ, నువ్వు నా మాట వినలేదు. అది రాస్తాను. కానీ నలభై పట్టాలూ నేను చెప్పినట్టు చేసి ఉంటే, పాత పని కంటే ఇది ఎంత మెరుగో ఏ ఇంజినీరుకీ తెలిసేది కాదు. అదీ రాస్తాను." రెండూ రాశాడు. కింద, ఇతన్ని మేస్త్రిగా ఖాయం చేయవచ్చు అని రాసి సంతకం పెట్టాడు. ట్రాలీ ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. "ఆ ముప్పయ్యొకటి ఏమైంది?"

సోములు మూడు రోజులుగా ఆ అతుకు గురించే ఆలోచిస్తున్నాడు. కొలత సరిగ్గానే వేశాడు.

ట్రాలీ వెళ్ళాక అప్పలస్వామి చెప్పాడు. "అక్కడ కింద ఊటున్నాది బాబూ. ఏటేటా వానలకి ముందు పక్కన సన్న కాలవ తియ్యాలి. తియ్యకపోతే నీళ్ళు పైకొచ్చి కంకరంతా బురదయిపోతాది. నువ్వు కొలిచేసినా, నాను కొట్టి కూరినా, ఏదీ నిలబడదు."

"డైరీలో లేదే."

"డైరీలో ఎలాగుంటాది? నా బుర్రలో ఉన్నాది."

"మరి నాకు సెప్పలేదేం మావా?"

"నువ్వడిగేవేటి?" అన్నాడు అప్పలస్వామి.

సోములు అరుగు దగ్గరికి వెళ్ళొద్దని గ్యాంగుకి చెప్పాడు. తాను ఒక్కసారైనా ఆ అరుగెక్కి గ్యాంగు చూసే ఆరు కిలోమీటర్ల లైను గురించి అడగలేదు.

మర్నాడు ఆరున్నరకి గ్యాంగు పాక తెరవలేదు. గ్యాంగు వచ్చేసరికి సోములు అప్పలస్వామి అరుగు మీద, డైరీ వెనక పేజీలు తెరిచి కూర్చున్నాడు. అప్పలస్వామి చెబుతున్నాడు. సోములు రాస్తున్నాడు. ముప్పయ్యొకటో పట్టా కింద ఊట. కల్వర్టు అవతల మట్టి జారే చోటు. మే నెల ఎండకి పట్టాలు సాగి పక్కకి తన్నే మలుపు. మధ్యలో పాతవాడొకడు, "అది కాదు మావా, ఆ సింతసెట్టు కాడ," అని సరిదిద్దాడు. అప్పలస్వామి ఒప్పుకోలేదు. కాసేపు గొడవ పడ్డారు. సోములు రెండూ రాసుకున్నాడు.

"రాసుకో," అన్నాడు అప్పలస్వామి. "నాను పోయాక మా గురమ్మనడిగితే సింతపండు సంగతే సెప్తాది."

"నీకన్నా నా సింతపండే నయం," అంది లోపలి నుంచి గురమ్మ.

ఏడు గంటలకి గంగులు లేచాడు. తువ్వాలు తలకి చుట్టుకుని, భుజం ఒకసారి తిప్పి చూసుకుని, సోములు ముందు చెయ్యి చాపాడు.

"తాళమియ్యి మేస్త్రీ," అన్నాడు. "మిగతాది రేపు రాద్దువు గాని. ముప్పయ్యొకటి కాడ కాలవ తియ్యాలి. ఆ పైన నా ఎనిమిదీ నీ డబ్బాతో కొలుద్దాం."